గొడుగు మేకు మీంచి తీసినప్పుడు మనసులో ఏముంది?

"సార్ నమస్తే, మాది పర్లాకిమిడి, లా ఫస్టియర్. యాక్టస్ రియస్ అంటే చేసిన పని, మెన్స్ రియా అంటే మనసులో ఉన్న దురుద్దేశం అని బట్టీ పట్టేశాను గానీ, పొరపాటున వేరేవాళ్ల వస్తువు తెచ్చేసుకుంటే అది దొంగతనమా కాదా అంటే చెప్పలేకపోతున్నా."

చూడమ్మా, రాయగడలో వాన పడే సాయంత్రం, టీ కొట్టులో మేకులకి నాలుగు నల్లగొడుగులు వేలాడుతున్నాయి. టీ తాగేసి నీదే అనుకుని పక్కాయన గొడుగు పట్టుకెళ్లిపోయావు. భారతీయ న్యాయ సంహిత 303, అంటే పాత ఐపీసీ 378, అడిగే పని ఏంటంటే ఒకరి దగ్గరున్న వస్తువుని వాళ్లని అడక్కుండా కదపడం, అది జరిగిపోయింది, అంటే యాక్టస్ రియస్ ఉంది. కానీ ఆయనకి అన్యాయంగా నష్టం చెయ్యాలనో నువ్వు అన్యాయంగా లాభపడాలనో లేదు, కాబట్టి దొంగతనం కాదు. అదే పిడి బాగుందని తెలిసే తీశావనుకో, మేకు మీంచి లేపగానే నేరం పూర్తయిపోయింది, గుమ్మం దగ్గరే పట్టుబడినా అది ప్రయత్నం కాదు, దొంగతనమే.

అసలు తిరకాసు ఇక్కడుంది. ఇంటికొచ్చి తెరిస్తే లోపల ఎవరిదో పేరు. మర్నాడు తిరిగిచ్చేస్తే గొడవే లేదు. పోనీలే అని ఉంచేసుకుంటే? అప్పుడు కూడా 303 కాదు, ఎందుకంటే తీసినప్పుడు ఆ ఉద్దేశం లేదు, ఉద్దేశం పుట్టేసరికి తీయడం అయిపోయింది. రెండూ కలవాలి. కానీ ఉంచేసుకోవడమే కొత్త పని, దానికి 314 పడుతుంది, అంటే పరాయి సొత్తు సొంతానికి వాడేసుకోవడం. మనసు లోపల ఏముందో కోర్టుకెలా తెలుస్తుందంటావా, పేరు గీకేశావా, అడిగితే లేదన్నావా, ఇలాంటివే చూస్తారు.

నాకు వింతగా అనిపించేదొకటి, తొలిసారి దొంగతనం చేసి, ఐదు వేల లోపు వస్తువయ్యి తిరిగిచ్చేస్తే సమాజ సేవతో పోతుంది, 314కి మాత్రం కనీసం ఆరు నెలలు జైలు.

పొరపాటు ఎంతవరకు కాపాడుతుందో మన ఒడిశా కేసే ఉంది, రామ్ బహదూర్ థాపాది. 1958లో బాలాసోర్ జిల్లాలో పాడుబడ్డ ఎయిర్‌పోర్టు దగ్గర రాత్రిపూట లాంతరు వెలుగులో ఇప్పపూలు ఏరుకుంటున్న ఆడవాళ్లని దయ్యాలనుకుని కుక్రీతో నరికాడు, ఒకామె చనిపోయింది. పని భయంకరం, కానీ మనుషులని చంపాలన్న ఉద్దేశం లేదు. ఇంకాస్త జాగ్రత్తగా చూడాల్సింది కదా అని ప్రభుత్వం అప్పీలుకెళ్లినా హైకోర్టు విడుదలనే ఖాయం చేసింది, ఐపీసీ 79 కింద, ఇప్పుడది సంహితలో 17. దయ్యాలున్నాయని అతను నిజంగా నమ్మడం, అక్కడున్నవాళ్లు కూడా అలాగే అనుకోవడం కలిసొచ్చాయి. అదే చోట ఎవరైనా "ఒరే అవి మనుషులురా" అని అరిచి ఉంటే, అది విని కూడా కొట్టి ఉంటే, ఆ సెక్షన్ పనిచేసేది కాదు.