పది పాయింట్లు కొట్టి ఓడినవాడి జవాబు

ప్రశ్న: కుస్తీలో 9-2తో వెనకబడ్డవాడు ఎలా గెలుస్తాడు? టేక్‌డౌన్‌కి, రివర్సల్‌కి పాయింట్లు ఎలా ఇస్తారు?

నేను 10-1తో ముందుండి ఓడిపోయినవాణ్ణి. ఈ జవాబు నా దగ్గరే ఉండాలి.

మాది చిత్తూరు. స్కూల్లో ఉన్నప్పుడు తిరుపతిలో సెలెక్షన్స్‌కి వెళ్లా. ఎండకు మ్యాట్ కాలిపోతోంది, పాయింట్లు పలకమీద సుద్దతో రాస్తున్నారు. మొదట్లోనే ఎదుటివాడి కాళ్లు పట్టి కిందపడేసి వాడి వీపుమీదికెక్కా. అది టేక్‌డౌన్, 2. వదలకుండా నడుము చుట్టి రెండుసార్లు దొర్లించా. వీపు మ్యాట్ వైపు తిరిగిన ప్రతిసారీ 2. 6-0. ఇంతలో పట్టు జారి, కిందున్న వాడు తిరిగి నా మీదికెక్కాడు. ఇది రివర్సల్, వాడికి 1. కష్టపడి లేచి నిలబడ్డా. దానికేమీ రాదు! ఊరికే తప్పించుకుంటే ఫ్రీస్టైల్‌లో సున్నా, పైకెక్కి పట్టు సాధిస్తేనే పాయింటు. ఈ రూల్ పెట్టినవాడు ఒకసారి కింద పడుకుని చూడాలని నా అభిప్రాయం.

మళ్లీ టేక్‌డౌన్, 8-1. ఇంకో దొర్లింపు, 10-1. పది కొట్టేశా, టెక్నికల్ సుపీరియారిటీ, అయిపోయిందనుకుని చేతులు వదిలేశా. మ్యాట్ పక్కనుంచి పీఈటీ సార్ అరుస్తున్నాడు: "ఒరేయ్, అయిపోలేదురా, పట్టు ఇడవద్దు!" మ్యాచ్ ఆగాలంటే పది పాయింట్లు ఉంటే చాలదు, ఇద్దరి మధ్య తేడా పది ఉండాలి. నాది తొమ్మిదే. మొదట్లో ఇచ్చిన ఆ ఒక్క రివర్సల్ పాయింటు అడ్డుపడింది.

వదిలిన చేతుల్లోంచి వాడు జారి నా మీదికొచ్చాడు, 10-2. నన్ను వెల్లకిలా తిప్పి ఛాతీతో అదిమేశాడు. ఆకాశం కనిపించింది, రెండు భుజాల రెక్కలూ మ్యాట్‌కి అంటుకున్నాయి. టీవీ రెజ్లింగ్‌లోలాగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారనుకుంటారు మా ఊళ్లో చాలామంది. అదేం లేదు. రెండు రెక్కలూ ఒకేసారి ఆనించి పట్టి ఉంచడం రెఫరీ చూడాలి, పక్కనున్న అధికారుల్లో ఒకరు ఒప్పుకోవాలి. అంతే, మ్యాట్ మీద ఒక దెబ్బ, విజిల్. దీన్నే ఫాల్ అంటారు, మన భాషలో చిత్తు. చిత్తయ్యాక పలకమీద నా పది ఎందుకూ పనికిరాలేదు.

తిరుగు బస్సులో చంద్రగిరి దాటేదాకా సార్ నోరు తెరవలేదు. అమ్మయితే, ఈ దొర్లడమేదో ఇంట్లోనే దొర్లచ్చు కదా అంది.

మీరడిగిన 9-2, 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో మన రవి దహియా ఆడిన సెమీఫైనలే అయ్యుంటుంది. కజకిస్తాన్ రెజ్లర్ సనాయెవ్ ఏడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాడు. ఇంకో మూడు కొట్టి ఉంటే మ్యాచ్ అక్కడే ఆగిపోయేది, రవికి చిత్తు చేసే టైమే దొరికేది కాదు.