ఎడమ కిడ్నీ జారలేదు, టానిక్ ఆపండి

ప్రశ్న: బాగా బలిసిన నాలుగు నెలల మగ గొర్రెపిల్ల రాత్రికి రాత్రి చచ్చిపోయింది. పొద్దున 9 గంటలకి కోస్తే ఎడమ కిడ్నీ కుడివైపుకి జారి, మెత్తగా ఉంది. షాపాయన కిడ్నీ టానిక్ ఇచ్చాడు. మిగతా 40 పిల్లలకీ పట్టించాలా? రోజూ మిగిలిన అన్నం పెడుతున్నాం.
– ఒక రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: పట్టించకండి. కిడ్నీ జారలేదు, గొర్రెకి దాని చోటే అది. ఎడమవైపంతా పెద్దపొట్టదే. అది నిండేకొద్దీ, పొరకి వేలాడుతున్న ఎడమ కిడ్నీని కుడివైపుకి నెడుతుంది. కుడి కిడ్నీ మాత్రం కదలదు. చివరి పక్కటెముక దగ్గర నడుం కండకి అంటుకుని, దాని ముందు కొస కార్జంలోని గుంటలో ఒదిగి ఉంటుంది. అందుకే కోసినప్పుడు రెండూ కుడివైపే, ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. షాపాయన ఎప్పుడైనా గొర్రెని కోసి చూశాడో లేదో!

చూడాల్సింది వేరే ఉంది. చుట్టూ ఉన్న కొవ్వు తీసేస్తే కిడ్నీ మీద పలచని పొర ఉంటుంది. ఆరోగ్యంగా ఉంటే అది నానబెట్టిన బాదం తొక్కలా వచ్చేస్తుంది, కింద కండ గట్టిగా, నున్నగా ఉంటుంది. చిటుకు రోగంలో పొర తీశాక నీళ్లు పోస్తే కండ గుజ్జులా కొట్టుకుపోతుంది. అయితే మన ఎండకి ఏ కిడ్నీ అయినా కొన్ని గంటల్లోనే మెత్తబడుతుంది. మీరు ఆలస్యంగా కోశారు, కాబట్టి ఆ మెత్తదనం ఒక్కటీ రుజువు కాదు.

ఉబ్బిన వంపు నుంచి లోపలి గుంటదాకా నిలువుగా చీల్చి చూడాల్సింది. ఆ గుంటలోనే ధమని, సిర, మూత్రనాళం కలుస్తాయి. లోపల గరాటులాంటి చిన్న తొట్టి ఉంటుంది. అది మూత్రంతో ఉబ్బి ఉంటే కింద ఎక్కడో రాయి అడ్డుపడిందని అర్థం. మగపిల్లల్లో ఇదీ ఉంటుంది, కానీ రాత్రికి రాత్రి చంపదు. (గేదె కిడ్నీలో ఈ గరాటు వెతక్కండి, ఉండదు.)

బలిసిన పిల్ల, అన్నం మేత, హఠాత్తుగా చావు: నా అనుమానం చిటుకు రోగం మీదే. ఈసారి ఇలా జరిగితే వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. మూత్రాశయంలోంచి సిరంజితో మూత్రం తీసి స్ట్రిప్ ముంచితే ఈ రోగంలో తరచూ చక్కెర కనిపిస్తుంది, గుండె సంచిలో గడ్డకట్టే పచ్చటి నీరూ ఉండొచ్చు. ముక్కులోంచో మలద్వారంలోంచో నల్లటి రక్తం కారుతుంటే మాత్రం కోయనేకూడదు, అది దొమ్మ కావచ్చు.

అన్నం ఇవాళే ఆపండి. చిటుకు టీకా సాధారణంగా 2.5 మి.లీ. చర్మం కింద వేస్తారు, అయినా సీసా మీది మోతాదే ఖాయం. మొదటిసారి వేయించుకుంటున్న పిల్లలకి 15 రోజులకి రెండో డోసు తప్పదు. చాలామంది ఎగ్గొట్టేది దీన్నే. ఆ తర్వాత ఏటా వానలకి ముందు, మేలో. టానిక్ సీసా వెనక్కి ఇచ్చేయండి.