నలభై అయిదు రోజుల డిగ్రీ గురించి

చిరంజీవి కిశోర్‌కు,

మావయ్య ఆశీస్సులు. ద్వారకానగర్‌లో ఎవరో పరీక్షలు లేకుండా 45 రోజుల్లో బీకాం ఇప్పిస్తామన్నారని, ముప్పై అయిదు వేలు అడిగారని అమ్మ చెప్పింది. డబ్బు కట్టకముందే ఈ ఉత్తరం చదువు.

వాళ్లు చెప్పిన యూనివర్సిటీ నిజంగా ఉన్నదే అన్నావట. నా టెన్షన్ అంతా అదేరా. లేని యూనివర్సిటీ అయితే ఇట్టే బయటపడుతుంది. యూజీసీ వెబ్‌సైట్‌లో నకిలీ యూనివర్సిటీల జాబితా ఉంటుంది, అందులో మన విశాఖ చిరునామా కూడా ఒకటి చూశాను. కానీ ఆ జాబితాలో పేరు లేనంత మాత్రాన నీకిచ్చే కాగితం అసలుదైపోదు.

యూజీసీ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో చదివినా డిగ్రీకి మామూలుగా మూడేళ్లు పడుతుంది, పరీక్షలూ ఉంటాయి. మరి 45 రోజుల్లో ఎలా ఇస్తారు? నువ్వు 2021లో చేరి 2024లో పాసైనట్టు పాత తేదీలు వేస్తారు. 'మార్కుల లిస్టు మీద ఏ సంవత్సరం ఉంటుంది?' అని అడిగి చూడు, జవాబు నీకే అర్థమవుతుంది.

నేను ఆఫీసులో పర్సనెల్ సెక్షన్‌లో ఉన్నప్పుడు ఒక కుర్రాడి మార్కుల లిస్టు వచ్చింది. హోలోగ్రామ్, ముద్ర అన్నీ బాగానే ఉన్నాయి. కాపీని యూనివర్సిటీ పరీక్షల విభాగానికి పంపాం. రెండు నెలలకు జవాబు వచ్చింది: ఆ హాల్‌టికెట్ నంబరు మా రికార్డుల్లో లేదని. 'వెబ్‌సైట్‌లో నా మార్కులు కనిపిస్తున్నాయి సార్' అని ఏడ్చాడు పాపం. ఏజెంటు ఇచ్చిన లింకు అది, యూనివర్సిటీ పేరులో ఒక్క అక్షరం తేడాతో కట్టిన దొంగ సైటు. ఉద్యోగం పోయింది, ఫోర్జరీ కేసు పడింది. ఇప్పటికీ ఆ అబ్బాయి మొహం గుర్తొస్తుంది.

అందుకే ఎవరో పంపిన లింకు నొక్కకుండా నువ్వే యూజీసీ దూరవిద్య సైటు deb.ugc.ac.in అని టైపు చేసి చూడు. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల అనుమతి యూనివర్సిటీకి మొత్తంగా ఉండదు, కోర్సుకీ సంవత్సరానికీ విడివిడిగా ఉంటుంది. బీఏకి ఉండి బీకాంకి లేకపోవచ్చు. నువ్వు చేరే సెషన్‌లో, నీ కోర్సు పేరు అక్కడ కనిపించాలి. చేరే ముందు అదే సైట్‌లో డెబ్ ఐడీ అనే విద్యార్థి నంబరు నువ్వే తీసుకోవాలి. అది అక్కర్లేదన్నవాడి దగ్గర ఇంకొక్క నిమిషం కూర్చోకు. ఫీజు యూనివర్సిటీ ఖాతాకే కట్టు, మనిషి పేరున ఫోన్‌పే చేయకు.

ఐఎస్ఓ సర్టిఫికెట్, సొసైటీ రిజిస్ట్రేషన్ చూపిస్తే నమ్మకు. వాటితో డిగ్రీ ఇచ్చే అధికారం రాదు.

శనివారం ఇంటర్ మార్కుల లిస్టు, ఆధార్ పట్టుకుని మా ఇంటికి రా. ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యా కేంద్రానికి ఇద్దరం వెళ్లి అడుగుదాం.

మీ మావయ్య