రీసెట్ కొట్టే ముందు ఆ సిమ్ పక్కన ఏ పేరుందో చూడండి

ప్రశ్న: "ఒమాన్‌లో పని చేస్తున్నాను. ఫోన్‌లో ఉన్న ఇండియా సిమ్‌కి సిగ్నల్ రావట్లేదు, బ్యాంకు ఓటీపీలు ఆగిపోయాయి. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేయమంటున్నారు. చేస్తే ఏమైనా పోతాయా?"

పోతాయి. ఫోటోలు, కాంటాక్టులు, వాట్సాప్ మెసేజ్‌లు పోవు, ఆ భయం అక్కర్లేదు. పోయేవి వేరే ఉన్నాయి. వాటి విలువ పరాయి దేశంలో ఉన్నవాడికే తెలుస్తుంది.

నేను బురైమీలో ఉంటాను. ఊరు ఒమాన్‌ది, కంచె అవతల యూఏఈ వాళ్ల అల్ ఐన్. ఇక్కడ ఫోన్‌కి ఏ దేశంలో ఉన్నామో సరిగా తెలియదు. హాల్లో ఒక దేశం టవర్ పట్టుకుంటుంది, వంటగదిలోకి వెళ్తే ఇంకో దేశానిది. నా రూమ్‌లో జగిత్యాల వైపు అన్న ఒకాయన ఉన్నాడు, ఎలక్ట్రీషియన్. ఇక్కడికి రాకముందు అల్ ఐన్‌లోనే పని చేసేవాడు. అప్పుడు ఆయన ఇండియా సిమ్‌కి యూఏఈలో మాత్రమే చెల్లే రోమింగ్ ప్యాక్ ఉండేది. ఫోన్ ఊరికే ఒమాన్ టవర్ల మీదికి దూకి బ్యాలెన్స్ తినేస్తుంటే, ఎవరో తెలిసినతను సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ సిమ్‌ని యూఏఈ నెట్‌వర్క్ మీద కట్టేశాడు. మంచి పనే చేశాడు. కాకపోతే అన్న వీసా మారి ఇటు వచ్చాక ఆ కట్టు విప్పేవాళ్లు లేరు.

బురైమీ వచ్చిన దగ్గర్నుంచి ఇండియా సిమ్‌కి సిగ్నల్ లేదు. "తమ్మీ, మిద్దె మీదికి పోతే ఒక్క గీత వస్తుంది, రూంల అస్సలు లేదు" అనేవాడు. అసలు ఆధారం ఆ మాటలోనే ఉంది. మిద్దె మీదికి కంచె అవతలి టవర్ అందుతోంది, గదిలోకి అందట్లేదు. ఇవతల ఒమాన్ టవర్లు ఎంత గట్టిగా ఉన్నా, పేరు పెట్టి కట్టేసిన సిమ్ వాటివైపు చూడదు. ఇంట్లో డబ్బు అవసరం వచ్చినప్పుడల్లా నెట్ బ్యాంకింగ్ తెరవడం, ఫోన్ పట్టుకుని మెట్లెక్కడం, ఓటీపీ వచ్చేలోగా టైమ్ అయిపోవడం. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట ఆ మిద్దె మీద నిలబడి చూడండి, తెలుస్తుంది.

నేను డ్యూటీలో ఉండగా ఆయన ఒక ఫోన్ రిపేర్ షాపుకి వెళ్లాడు. ఆ కుర్రాడు ఏమీ అడక్కుండా మొబైల్ నెట్‌వర్కూ, వైఫై, బ్లూటూతూ అన్నీ రీసెట్ కొట్టాడు. సిగ్నల్ వచ్చేసింది! ఇక్కడే వస్తుంది చిక్కు. రీసెట్ పని చేస్తుంది కాబట్టే అందరూ దాన్ని సలహా ఇస్తారు. కానీ ఆ రీసెట్ చేసిన అసలు పని ఒక్కటే, నెట్‌వర్క్ ఎంపికని మళ్లీ ఆటోమేటిక్ చేసింది. ఆ ఒక్క బటన్‌ని మనమే నొక్కుకోవచ్చు. బల్బు మార్చడానికి ఇంటి వైరింగంతా పీకినట్టుంది ఆయన వ్యవహారం, పైగా ఆయనే ఎలక్ట్రీషియన్.

ఏం పోయాయంటే, బిల్డింగ్ వైఫై పాస్‌వర్డ్ పోయింది. అది పెట్టినవాడు సెలవు మీద ఊరెళ్లాడు. చెవులకు పెట్టుకునే బ్లూటూత్ జత పోయింది, అది మళ్లీ కలుపుకోవచ్చు. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ ఇక్కడి ఒమాన్ నంబర్. అది ఈసిమ్, అంటే చేత్తో పెట్టే కార్డు కాదు, ఫోన్‌లోకే డౌన్‌లోడ్ అయ్యే సిమ్. రీసెట్ చేసేటప్పుడు ఆండ్రాయిడ్‌లో ఈసిమ్‌లు కూడా తుడిచేయాలా అని ఒక టిక్ అడుగుతుంది, ఆ షాపు కుర్రాడు టిక్ పెట్టేశాడు. నంబరూ ప్లానూ కంపెనీ దగ్గర భద్రంగానే ఉంటాయి, ఫోన్‌లో మాత్రం ఉండదు. తిరిగి తెచ్చుకుందామంటే పాత క్యూఆర్ కోడ్ చాలాసార్లు రెండోసారి పనిచేయదు. రెసిడెంట్ కార్డు పట్టుకుని కంపెనీ షోరూమ్‌కి పోయి కొత్త కోడ్ తీసుకోవాలి. ఆ కోడ్ స్కాన్ చేసినా ఈసిమ్ దిగాలంటే ఇంటర్నెట్ ఉండాలి. లోకల్ సిమ్ లేదు కాబట్టి డేటా లేదు, పాస్‌వర్డ్ లేదు కాబట్టి వైఫై లేదు. నేను హాట్‌స్పాట్ ఇస్తే దిగింది. ఈలోగా పొద్దున్నే సైట్ బండి డ్రైవర్ ఫోన్ చేసి చేసి వదిలేసి వెళ్లిపోయాడు, ఆ రోజు హాజరు పోయింది.

అంతటితో అవలేదు. కొత్తగా దిగిన ఈసిమ్ కూడా ఆటోమేటిక్‌లోనే ఉంది. కంచె పక్కన సైట్‌లో అది యూఏఈ టవర్ పట్టుకుంటే, పక్క వీధిలోని ఫోర్‌మ్యాన్‌కి చేసిన కాల్‌కి కూడా రోమింగ్ రేటు పడింది. సరిహద్దు ఊళ్లలో లోకల్ సిమ్‌ని లోకల్ నెట్‌వర్క్ మీద కట్టేసి ఉంచడమే మేలు, నేను అలాగే ఉంచుతాను. మస్కట్‌లోనో సలాలాలోనో ఉండేవాళ్లకి ఈ గొడవ లేదు, ఆటోమేటిక్‌లో వదిలేయండి.

ఇప్పుడు మీ ఫోన్ సంగతి. ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ అర నిమిషం ఆన్‌లో ఉంచి తీసేయండి, సిమ్ మళ్లీ మొదటినుంచి టవర్ వెతుక్కుంటుంది. కుదరకపోతే ఫోన్ రీస్టార్ట్. ఈ రెండిటికీ ఏమీ పోదు. తర్వాత సెట్టింగ్స్‌లో ఆ ఇండియా సిమ్ పేజీ తెరిచి, Automatically select network ఆఫ్‌లో ఉందేమో చూడండి. ఐఫోన్‌లో అయితే Network Selection అని ఉంటుంది. దుబాయ్ మీదుగా వచ్చారా, ఇంతకుముందు ఇంకో దేశంలో పని చేశారా, అయితే నా పందెం ఈ బటన్ మీదే. ఆన్ చేసి రెండు మూడు నిమిషాలు వదిలేయండి. పట్టుకోకపోతే మళ్లీ ఆఫ్ చేస్తే జాబితా వస్తుంది, రావడానికి కాస్త టైమ్ పడుతుంది, కంగారు పడకండి. ఒమాన్‌లో అయితే Omantel, Ooredoo, Vodafone పేర్లు కనిపించాలి. ఒక్కొక్కటే నొక్కి చూడండి. మీ ఇండియా కంపెనీకి అన్నిటితోనూ ఒప్పందం ఉండకపోవచ్చు, కాబట్టి ఒకటి తిప్పికొట్టిందని సిమ్ చెడిపోయిందనుకోవద్దు.

అప్పటికీ రాకపోతే ఆ సిమ్ తీసి స్నేహితుడి ఫోన్‌లో వేయండి. చాలామంది చేయని పరీక్ష ఇదే. అక్కడ కూడా సిగ్నల్ లేకపోతే లోపం మీ ఫోన్‌లో లేదు. రీచార్జ్ వ్యాలిడిటీ అయిపోయి ఉంటుంది, లేదా ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి ఉండరు. అలాంటప్పుడు ఫోన్‌ని వందసార్లు రీసెట్ చేసినా దండగే, ఇండియా కంపెనీ యాప్‌లోకి వైఫై మీద వెళ్లి చూసుకోవాలి.

ఫలానా వైఫై ఒక్కటే కలవట్లేదంటే దాని కోసం కూడా రీసెట్ కొట్టేవాళ్లను చూశాను. ఆ ఒక్క వైఫైని Forget కొట్టి మళ్లీ పాస్‌వర్డ్ ఇస్తే చాలు. సిగ్నల్ నిండుగా ఉండి నెట్ మాత్రం రాకపోతే, సిమ్‌కి మొబైల్ నెట్ కలిపే సెట్టింగ్ ఏపీఎన్, ఆండ్రాయిడ్‌లో ఆ పేజీలో పైన మూడు చుక్కలు నొక్కితే Reset to default ఉంటుంది, అది ఏపీఎన్‌లని మాత్రమే మొదటికి తెస్తుంది.

నిజంగా రీసెట్ తప్పనిసరైతే ముందు వైఫై పాస్‌వర్డ్‌లు రాసుకోండి. ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై పేజీలో Share నొక్కితే క్యూఆర్ కోడ్ కింద పాస్‌వర్డ్ కనిపిస్తుంది. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో మొబైల్ నెట్‌వర్క్ రీసెట్ వేరు, వైఫై బ్లూటూత్ రీసెట్ వేరు. సిమ్ బాధకి మొదటిది చాలు. ఈసిమ్ తుడిచే టిక్ జోలికి పోకండి. అదే మెనూలో Erase all data కూడా ఉంటుంది, అది నొక్కితే అప్పుడు నిజంగానే ఫోటోలూ పోతాయి. ఐఫోన్‌లో రీసెట్ చేస్తే మీరు చేత్తో పెట్టుకున్న వీపీఎన్ సెట్టింగ్స్ కూడా పోతాయి, ఫోన్‌కి పెట్టిన పేరు మళ్లీ iPhone అయిపోతుంది, డేటా రోమింగ్ ఆఫ్ అయిపోవచ్చు. ఆ చివరిది గుర్తుంచుకోండి. రోమింగ్ ప్యాక్ మీద నెట్ వాడుతున్నవాళ్లు రీసెట్ తర్వాత నెట్ రావట్లేదని ఇంకో రీసెట్ కొడుతుంటారు.

ఓటీపీ కోసం డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలని ఎవరు ప్రచారం చేశారో గానీ, అది తప్పు. ఓటీపీ ఎస్సెమ్మెస్‌లో వస్తుంది, ఎస్సెమ్మెస్‌కి డేటా రోమింగ్‌తో పనిలేదు. సిమ్‌కి సిగ్నల్ ఉండి, కంపెనీ దగ్గర ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్‌లో ఉంటే చాలు. ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్‌లోనే ఉంచండి, మొబైల్ డేటాకి లోకల్ సిమ్‌ని ఎంచుకోండి. రెండు సిమ్‌ల ఫోన్లలో ఒకదానికి సిగ్నల్ తగ్గితే డేటాని తనంతట తాను రెండోదానికి మార్చే సెట్టింగ్ ఒకటుంటుంది, ఐఫోన్‌లో దాని పేరు Allow Cellular Data Switching. అదీ డేటా రోమింగూ రెండూ ఆన్‌లో ఉంటే మీకు తెలియకుండానే వీడియోలు ఇండియా సిమ్ మీద నడుస్తాయి, బిల్లు తర్వాత తెలుస్తుంది. ఇండియా సిమ్‌కి ఫోన్ వస్తే ఎత్తకండి, ప్యాక్ లేకపోతే ఎత్తినందుకూ డబ్బులు పడతాయి.

అసలు నా కోపం బ్యాంకుల మీద. గల్ఫ్‌లో ఉన్నవాడి సొమ్ము మొత్తం ఒక ఎస్సెమ్మెస్‌కి వేలాడదీసి, ఆ సిమ్‌ని బతికించుకోవడానికి మనచేత నెలనెలా రీచార్జ్ చేయిస్తారు. 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ పది దేశాల నంబర్లతో ప్రవాసుల ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకి యూపీఐ వాడుకోవచ్చని చెప్పింది. ఒమాన్, యూఏఈ, సౌదీ, ఖతార్ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ సంగతి మన క్యాంపుల్లో ఎంతమందికి తెలుసు? సెలవు మీద ఊరెళ్లినప్పుడు బ్యాంకుకి పోయి, మీ ఖాతాకి ఒమాన్ నంబర్ ఎక్కించుకుంటారా, ఓటీపీలూ యూపీఐ దాని మీద వస్తాయా అని అడగండి. కొన్ని బ్యాంకులు ఇస్తాయి. కౌంటర్‌లో కుర్రాడు కుదరదంటే మేనేజర్‌నే అడగండి. మా రూమ్ అన్న ఈసారి సెలవులో ఆ పని పెట్టుకున్నాడు.