టేకాఫ్‌లో ఢాం ఢాం, ఇంజిన్‌లోంచి మంట

"టేకాఫ్ అయ్యాక ఇంజిన్ నుంచి ఢాం ఢాం అని శబ్దాలు, వెనక మంట. సర్జ్ అంట. ఇంజిన్ పేలినట్టేనా?"

పేలినట్టు కాదండీ. ఇంజిన్‌లోకి వచ్చే గాలిని నొక్కి వెనక్కి పంపే భాగం కంప్రెసర్; దాని బ్లేడు ఒక్కొక్కటీ చిన్న రెక్కే. గాలి వంకరగా, అస్తవ్యస్తంగా వస్తే బ్లేడు దాని మీద పట్టు కోల్పోతుంది; అది స్టాల్. అది కంప్రెసర్ అంతా పాకితే వెనక దహన గదిలో ఒత్తిడితో ఉన్న గాలి ముందుకు ఎదురు తన్నుతుంది, అది సర్జ్. ఆ తన్నుకే శబ్దం, మంట. పక్షి, మంచు, అరిగిన బ్లేడ్లు, ఏదైనా కారణం కావచ్చు.

పైలట్‌కి కుదుపు తెలుస్తుంది, విమానం ఓ పక్కకి లాగుతుంది, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత పెరుగుతుంది, ఆర్‌పీఎమ్ ఊగుతుంది. మందు ఒక్కటే: ఎత్తు, వేగం చూసుకుని, ఆ ఇంజిన్ థ్రాటిల్ మెల్లగా తగ్గించడం. చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

సరిపడా తగ్గకపోతే? 1991 డిసెంబర్ 27న స్టాక్‌హోమ్‌లో ఎస్ఏఎస్ అనే విమానయాన సంస్థ ఎండీ-81 విమానం రెక్కల మీది మంచు టేకాఫ్‌లో ఊడి, తోక దగ్గరి రెండు ఇంజిన్లలోకీ వెళ్లింది. సుమారు 25 సెకన్లకు కుడి ఇంజిన్ సర్జ్ మొదలైంది. పైలట్ థ్రాటిల్ కొంత తగ్గించారు, కానీ ఆయనకు తెలియని ఆటోమేటిక్ వ్యవస్థ ఒకటి మళ్లీ థ్రస్ట్ పెంచేసింది. సర్జ్ ఆగలేదు, బ్లేడ్లు విరిగాయి, రెండు ఇంజిన్లూ పోయాయి. పొలంలో దింపారు, 129 మందీ బతికారు.