వాచీ ప్రకటన చట్రంలో ఆవకాయ సీసా

"మేం ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతాం. ఇన్‌స్టాలో ఒక వాచీ ప్రకటన చూశాను, చాలా నీట్‌గా ఉంది. ఆ ఫొటోను ఏఐలో పెట్టి 'ఇలాగే మా ఆవకాయకి చెయ్యి' అంటే సీసా మూత మీద గడియారం ముళ్లు వస్తున్నాయి! ఫొటో తీసేసి మాటల్లో అడిగితే అసలు పోలికే లేని బొమ్మ ఇస్తోంది. ఆ అమరిక ఒక్కటే కావాలని ఎలా చెప్పాలి?"
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

పేచీ అంతా 'ఇలాగే' అన్న మాటతోనే. మీ మనసులో దానర్థం ఆ ఖాళీ, ఆ పొందిక. ఏఐకి మాత్రం ఫొటోలో కనబడేదంతా 'ఇలాగే'లోకే వస్తుంది. వాచీ మెరుపు, తోలు పట్టీ, ముళ్లు అన్నీ కలిపి తీసుకుంటుంది. అందుకే మూత మీద టైమ్ కనబడింది. ఫొటో తీసేసి 'నీట్‌గా, క్లాసీగా' అని రాస్తే, అలాంటి ప్రకటనలు వేల రకాలుంటాయి కదా, అందులో ఏదో ఒకటి ఇస్తుంది.

చేయాల్సింది ఏమిటంటే, ఆ ప్రకటనను 'వాచీ' అనే మాట వాడకుండా వర్ణించాలి. వాచీని 'ప్రధాన వస్తువు' అనండి. పెద్దక్షరాలను 'శీర్షిక' అనండి. కింది రెండు లైన్లు 'వివరణ', మూలనున్న కంపెనీ గుర్తు 'పేరు'. అంతే, నాలుగే పాత్రలు. ఏ పాత్ర ఎక్కడుంది, ఎంతుంది, దేని తర్వాత కంటికి తగులుతోంది అన్నది రాస్తే అదే చట్రం. తర్వాత అందులో ఆవకాయైనా పెట్టొచ్చు, అప్పడాలైనా పెట్టొచ్చు.

ఇది ఏఐతో వచ్చిన కొత్త తెలివేమీ కాదు. 1959లో ఫోక్స్‌వాగన్ కారుకి డీడీబీ అనే ఏజెన్సీ చేసిన 'థింక్ స్మాల్' ప్రకటన చూడండి. పేజీలో పైన మూడింట రెండొంతులు బొమ్మ, దాని కింద శీర్షిక, ఆ కింద మూడు కాలమ్‌ల మ్యాటర్. బొమ్మ భాగంలో బోలెడంత ఖాళీ, పైన ఎడమ వైపు చిన్న కారు. మరుసటి ఏడాది వాళ్లే 'లెమన్' అనే శీర్షికతో ఇంకో ప్రకటన వేశారు. ఈసారి కారు పెద్దది, మాటలు వేరు, చట్రం మాత్రం అదే. చూడగానే ఒకే ఇంటివాళ్లని తెలిసిపోతుంది.

ఇక మీరు పంపిన ప్రకటనకి వద్దాం. దాన్ని ఫొటో ఎడిటర్‌లో తెరిచి క్రాప్ నొక్కితే చాలా ఫోన్లలో అడ్డం రెండు, నిలువు రెండు గీతలు కనబడతాయి. నేను ఆ తొమ్మిది గళ్లతోనే మొదలుపెట్టాను. శీర్షిక పై వరుసలో ఎడమ, నడిమి గళ్లలో ఉంది. వాచీ కుడి సగంలో, కింది సగంలో ఉంది. దాని పట్టీ కుడి అంచు దాటి బయటికి పోయింది. పేరు కింద ఎడమ మూలన ఉంది. చూపు పైన ఎడమన మొదలై, ఏటవాలుగా కుడి కిందికి జారి, అక్కణ్నుంచి ఎడమకి మళ్లి పేరు దగ్గర ఆగుతుంది. మీకు నీట్‌గా అనిపించిందంటే ఈ దారిలో ఏదీ అడ్డం లేకపోవడం వల్లే.

తర్వాత ఖాళీలు. వీటిని పిక్సెల్స్‌లో చెబితే లాభం లేదు. బొమ్మ గీసే ఏఐ స్కేలు పట్టుకుని కొలవదు, '90 పిక్సెల్స్' అంటే సుమారుగా ఏదో చేస్తుంది. 'మూడో వంతు', 'సగం', 'దీనికి రెట్టింపు' లాంటి మాటలు దానికి నయం. అందుకని ఒక ఖాళీని కొలమానంగా పెట్టుకోవాలి. ఇక్కడ అంచు నుంచి శీర్షికకి ఉన్న ఖాళీ, వెడల్పులో పన్నెండో వంతు. దీన్ని 'ఒక మార్జిన్' అనుకుందాం. శీర్షికకి, వివరణకి మధ్య సగం మార్జినే ఉంది, కాబట్టి అవి రెండూ ఒక జట్టని కన్ను అనుకుంటుంది. వివరణకి, వాచీ పైభాగానికి మధ్య మూడు మార్జిన్ల పైనే ఉంది. ప్రకటనకి ఆ దర్జా తెచ్చింది ఆ పెద్ద ఖాళీయే. అది పోతే మిగిలేది కిరాణా కొట్టు కరపత్రం.

ఇవన్నీ కలిపి నేనైతే ఇలా రాస్తాను:

"నిలువు బొమ్మ, 4:5 నిష్పత్తి. వెనకంతా గీతలూ డిజైన్లూ లేని ఒకే లేత మీగడ రంగు. ప్రధాన వస్తువు కుడి సగంలో, కింది సగంలో ఉండాలి. అది ఎర్రటి ఆవకాయ నింపిన గాజు సీసా, పక్కనే అన్నం పళ్లెం. పళ్లెం కుడి అంచు బొమ్మ బయటికి పోవాలి. బొమ్మలో ముదురు రంగు ఇక్కడ మాత్రమే. పై సగం మొత్తం, కింద ఎడమ భాగం మొత్తం ఖాళీ గోడలా ఉండాలి. వెలుతురు ఎడమ నుంచి, మెత్తటి నీడ కుడికి. సీసా కింది అంచుకీ బొమ్మ కింది అంచుకీ మధ్య, వెడల్పులో పన్నెండో వంతు ఖాళీ. బొమ్మలో అక్షరాలు వద్దు."

పళ్లెం ఎందుకు తెచ్చానంటే, వాచీ పట్టీతో కలిపి అడ్డంగా పరుచుకుంది, సీసా నిలువుగా నిలబడుతుంది. సీసా ఒక్కదాన్నే పెడితే కుడి సగంలో సగం బోసిపోతుంది. పట్టీ చేసిన పని ఇప్పుడు పళ్లెం చేస్తుంది. వస్తువు ఆకారం మారినా, అది పరుచుకునే చోటు మారకూడదు.

ఫొటో తీసేసి మీరు మాటల్లో రాసిన వర్ణనలో పింగాణీ జాడీ అడిగారు. ఆవకాయకి జాడీయే అందం, నేనూ ఒప్పుకుంటాను. కానీ మన జాడీ సగం తెలుపు. మీగడ రంగు వెనకాల ఆ సగం కరిగిపోతుంది, మిగతా గోధుమ రంగు సగం గాల్లో తేలుతున్నట్టుంటుంది. అసలు ప్రకటనలో ముదురు రంగంతా ఒకేచోట ముద్దగా ఉంది, ఆ బరువే చూపుని కిందికి లాగుతోంది. జాడీయే కావాలంటే వెనక రంగు మార్చుకోవాలి.

అక్షరాలు వద్దనడం కావాలనే. ఏఐ గీసే తెలుగు అక్షరాల్లో వత్తులు ఇప్పటికీ చాలాసార్లు తేడా కొడతాయి. 'అమ్మమ్మ'లో ఒక వత్తు ఎగిరిపోతే మళ్లీ మొత్తం బొమ్మ గీయించాలి, అప్పుడు సీసా ఇంకోచోట తేలుతుంది. బొమ్మ దానితో గీయించి, మాటలు మీరు కాన్వాలాంటి చోట టైప్ చేయండి.

అక్కడ ఇంకో చిక్కు కాచుకుని ఉంటుంది. ఆ ప్రకటన శీర్షిక ఇంగ్లిష్ క్యాపిటల్స్‌లో ఉంది. క్యాపిటల్స్‌కి కింద వేలాడేదీ ఉండదు, పైకి పొడుచుకొచ్చేదీ ఉండదు, కాబట్టి రెండు లైన్లు దగ్గరగా ఒత్తేయొచ్చు. మనకి పైన గుడులు, కింద వత్తులు. 'అమ్మమ్మ చేతి' కింద 'ఆవకాయ'ని అంత దగ్గరగా పెడితే పై లైన్ మ-వత్తులు కింది లైన్ నెత్తి మీద కూర్చుంటాయి. 1080 × 1350 సైజులో ఆ శీర్షిక రెండు లైన్లకీ కలిపి సుమారు 180 పిక్సెల్స్ ఎత్తుంది, అంటే లైనుకి 90. తెలుగులో లైన్ స్పేసింగ్ అక్షరం సైజుకి 1.35 రెట్ల దాకా కావాలి. 90ని 1.35తో భాగిస్తే అక్షరం సైజు 66 దగ్గర వస్తుంది. ఇంగ్లిష్‌లో వాళ్లు 85 దాకా వాడి ఉంటారు. 'చిన్నదైపోయిందే' అని సైజు పెంచకండి, ఆ డబ్బా పెరిగితే కింది ఖాళీ తరుగుతుంది. సైజు బదులు మందం పెంచండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర లాంటి లావు ఫాంటు శీర్షికకి, మండలి లాంటి సాదా ఫాంటు వివరణకి పెడితే, క్యాపిటల్స్ లేకపోయినా ఏది ముందు చదవాలో తెలుస్తుంది.

బొమ్మ వచ్చాక కుదిరిందో లేదో కళ్లతో తేల్చుకోవద్దు, మోజులో అంతా బాగానే కనబడుతుంది. మీ బొమ్మ మీద వాచీ ప్రకటనను పరిచి, దాని పారదర్శకతను 50కి తెండి. సీసా, వాచీ ఒకే చోట పడాలి, శీర్షికల ఎడమ అంచు ఒకే గీత మీదుండాలి. తర్వాత దాన్ని తీసేసి, మీ బొమ్మని బొటనవేలి గోరంత చేసి చూడండి. శీర్షిక, సీసా ఈ రెండే ఆనితే సరే. మూడోది ఏదైనా ఆనిందంటే అదే దొంగ.

నేను ప్రయత్నించినప్పుడు ఆ దొంగ ఎండుమిరపకాయలు. పై సగం ఖాళీగా ఉండమంటే ఉండదు, అలంకారంగా నాలుగు మిరపకాయలు, కరివేపాకు రెమ్మ చల్లేసింది. 'మిరపకాయలు వద్దు' అని రాశాను, ఆరు వచ్చాయి! వద్దన్న వస్తువు పేరు వినబడగానే దాన్నే గీసే అలవాటు ఈ టూల్స్‌కి ఉంది. ఏది వద్దో చెప్పే బదులు అక్కడ ఏముండాలో చెప్పండి. 'సున్నం వేసిన ఖాళీ గోడ' అన్నాక దారికొచ్చింది. సీసాని నడిమధ్యకి లాగడం ఇంకో అలవాటు. రెండు మూడుసార్లు చెప్పినా వినకపోతే వాదన పెట్టుకోకండి. సీసా, పళ్లెం మాత్రం సాదా వెనకాల మీద గీయించి, వాటిని కత్తిరించి మీరే కుడి కింద పెట్టుకోండి. నిజం చెప్పాలంటే తొందరలో ఉన్నప్పుడు నేను చేసేది ఇదే. ఏది చేసినా ఒకసారికి ఒకే మార్పు అడగండి, లేకపోతే ఏ మాట ఏది మార్చిందో తెలియదు.

అమరిక పోలికతో సాధారణంగా గొడవ రాదు. వాళ్ల ఫొటో, గుర్తు, ట్యాగ్‌లైన్ మాత్రం ముట్టుకోకండి, మాటలు కూడా మీవే ఉండనివ్వండి.

ఆ వర్ణనను నోట్స్‌లో దాచుకుంటే రేపు గోంగూరకి వస్తువు పేరున్న వాక్యం ఒక్కటి మారిస్తే చాలు. గోంగూర పచ్చడి ముదురు రంగు, మీగడ రంగు మీద బాగా నిలబడుతుంది. నిమ్మకాయ పచ్చడికి మాత్రం అలా కుదరదు. ఆ పసుపు మీగడలో కలిసిపోతుంది, వెనక రంగుని ముదురు ఆకుపచ్చకి మార్చండి. శీర్షిక అక్షరాలు కూడా అప్పుడు తెలుపులోకి తిప్పాలి.