మీటింగ్‌లో మాట తెగిపోతే ఏమనాలి?

ప్రశ్న: ఈ మధ్యే వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగంలో చేరాను. వీడియో కాల్‌లో వాయిస్ పోయినప్పుడల్లా "హలో, హలో" తప్ప ఇంకో మాట రావట్లేదు. ఇలాంటప్పుడు ఇంగ్లీషులో ఏమంటారు?

జవాబు: మాది తిరుపతి, కొర్లగుంట. 2020 లాక్‌డౌన్ నుంచి ఇంట్లోనే పని చేస్తున్నాను. మొదట్లో నేనూ "హలో" బ్యాచే. తర్వాత అర్థమైందేమిటంటే, మాటలు నేర్చుకోవడం కష్టం కాదు. తేడా ఎవరి వైపు ఉందో తెలిస్తే ఏ మాట అనాలో దానంతట అదే తెలుస్తుంది.

ఒక రోజు రాత్రి అమెరికా క్లయింట్‌తో కాల్. నేను రిపోర్టు వివరిస్తున్నాను. మధ్యలో ఒకాయన "యు ఆర్ బ్రేకింగ్ అప్" అన్నారు, అంటే నా మాట ముక్కలుముక్కలుగా వస్తోందని. నాకేమో అందరి మాటా గంట కొట్టినట్టు వినిపిస్తోంది. "ఇట్స్ ఫైన్ ఫ్రమ్ మై సైడ్" అనేసి చెప్పుకుంటూ పోయాను. ఇంకో నిమిషానికి చిత్తూరులో ఉండే మా టీమ్ తమ్ముడు నేరుగా ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు ఫ్రీజ్ అయిపోయినావు. బొమ్మ కదల్లేదు, మాట తెగతెగా వస్తా ఉంది."

అక్కడే నేను పొరపడ్డాను. నాకు వాళ్లు బాగా వినిపించడానికి డౌన్‌లోడ్ చాలు. నా మాట వాళ్లకు చేరాలంటే అప్‌లోడ్ బాగుండాలి. ఆ రెండూ వేరు. కాల్‌లో ఉన్న నలుగురూ నా గురించి ఒకే మాట అంటున్నారంటే లోపం నా వైపే. అలా కాకుండా నాకు ఆ నలుగురి మాటా తెగుతూ వినిపిస్తే, అదీ నా వైపే. నలుగురిలో ఒక్కరిదే తెగితే మాత్రం వాళ్ల వైపు చూడాలి. లేచి వెళ్లి చూస్తే పక్క గదిలో మా మరిది పెళ్లి వీడియోలు డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నాడు. ఉన్న అప్‌లోడంతా దానికే పోతోంది. అది ఆపించి, "సారీ, మై కనెక్షన్ ఈజ్ బ్యాడ్. ఐ విల్ టర్న్ ఆఫ్ మై వీడియో" అని కెమెరా ఆపాను. మాటతో పోలిస్తే వీడియోకి ఎన్నో రెట్లు డేటా కావాలి కాబట్టి, కెమెరా ఆపగానే మాట చాలాసార్లు కుదుటపడుతుంది. అప్పటికీ కుదరకపోతే "ఐ విల్ డ్రాప్ అండ్ రీజాయిన్" అని చెప్పి బయటికొచ్చి మళ్లీ చేరండి. చెప్పకుండా మాయమైతే కరెంటు పోయిందనుకుంటారు. మా వీధిలో అదీ జరుగుతుంది లెండి.

అవతలి వాళ్ల మాట తెగినప్పుడు మనం "యువర్ వాయిస్ ఈజ్ బ్రేకింగ్" అంటుంటాం. మనవాళ్ల మధ్య నడుస్తుంది. కానీ ఇంగ్లీషువాళ్లకు అది ఏడుపు ఆపుకుంటున్న గొంతుకో, ఈడొచ్చే మగపిల్లల గొంతు మారడానికో వాడే మాట. "యు ఆర్ బ్రేకింగ్ అప్" అనండి. దానికంటే పనికొచ్చే పని ఇంకోటుంది. ఎక్కడిదాకా వినిపించిందో చెప్పండి. "వుయ్ లాస్ట్ యు ఆఫ్టర్ ది బడ్జెట్ పార్ట్" అంటే ఆయన అక్కడి నుంచి అందుకుంటారు. ఊరికే "రిపీట్ ప్లీజ్" అంటే పాపం మొదటి నుంచీ మొదలుపెడతారు.

"యు ఆర్ ఆన్ మ్యూట్" సంగతి తేలిక. మ్యూట్‌లో ఉన్నవాళ్లకు మన మాట వినిపిస్తూనే ఉంటుంది. అందుకని చేతులూపి సైగలు చేయక్కర్లేదు, పేరు పిలిచి చెప్తే చాలు. మైకు బొమ్మ మీద అడ్డగీత లేదు, అయినా మాట రావట్లేదంటే హెడ్‌సెట్ వైరు మీదుండే బటన్ చూడమనండి. దాన్ని నొక్కి మ్యూట్ చేస్తే కొన్ని హెడ్‌సెట్లలో స్క్రీన్ మీద ఏమీ కనిపించదు. మీరే మ్యూట్‌లో ఉంటే, గూగుల్ మీట్‌లో కంప్యూటర్ మీద Ctrl + D నొక్కితే మైకు తెరుచుకుంటుంది.

ఎకో ఒక్కటే తలకిందులు. మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తోందంటే సాధారణంగా తప్పు మీది కాదు. అవతల ఎవరి స్పీకర్లోంచో వచ్చిన మీ మాట మళ్లీ వాళ్ల మైకులోకి దూరుతోంది. "ఐ కెన్ హియర్ మైసెల్ఫ్, కుడ్ ఎవ్రీవన్ మ్యూట్ ప్లీజ్?" అనండి. తర్వాత ఒక్కొక్కరే మైకు తెరిస్తే దొంగ దొరుకుతాడు. ఇయర్‌ఫోన్ పెట్టుకోమంటే సరిపోతుంది.

ఇక "కెన్ యు హియర్ మి?" అని అడిగి ఐదు సెకన్లు ఆగండి. జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ అడగొద్దు. మీ మాట వెళ్లట్లేదో, వాళ్ల జవాబు మీకు రావట్లేదో ఆ నిశ్శబ్దంలో తెలియదు. చాట్‌లో అదే ప్రశ్న టైప్ చేయండి. మాట తెగిన చోట కూడా అక్షరాలు చాలాసార్లు వెళ్లిపోతాయి.